పాటలోంచి గొంతు తీసేసి సంగీతం మిగల్చడం: వీడియోకి ఇది ఎలా చేస్తారు, ఎక్కడ చెడుతుంది

వీడియో ఎడిటర్‌లో ఆడియో ట్రాక్‌ని మ్యూట్ చేస్తే గొంతుతో పాటు సంగీతమూ పోతుంది. పోనీ ఈక్వలైజర్‌లో గొంతు ఉండే చోటు మాత్రం తగ్గిద్దామంటే, గొంతు కాస్త మసకబారుతుంది కానీ పోదు. దానితో పాటు గిటారు, వయొలిన్, కీబోర్డు కూడా డల్ అయిపోతాయి. గొంతు ఒక చిన్న గదిలో కూర్చోదు మరి. మగ గొంతు కింది స్వరాలు 100 హెర్ట్జ్ దగ్గర్లో మొదలైతే, "స", "ష" లాంటి అక్షరాల గాలి శబ్దం 8,000 హెర్ట్జ్ దాటి కూడా ఉంటుంది. ఈ మధ్యలోనే పాటలోని దాదాపు అన్ని వాయిద్యాలూ ఉంటాయి.

స్టూడియోలో పాట చేసేటప్పుడు గొంతుకి ఒక ట్రాక్, డ్రమ్స్‌కి కొన్ని, బాస్‌కి ఒకటి అలా విడివిడిగానే ఉంటాయి. మనదాకా వచ్చేసరికి అవన్నీ కలిపేసి రెండే మిగుల్తాయి, ఎడమ ఛానెల్, కుడి ఛానెల్. ఒక్కో ఛానెల్ అంటే సెకనుకి 44,100 లేదా 48,000 అంకెల వరుస. ఒక క్షణంలో ఆ అంకె 7 అనుకోండి. అందులో గొంతు వాటా 3, సంగీతం వాటా 4 కావచ్చు. 5, 2 కావచ్చు. గొంతు 9, సంగీతం మైనస్ 2 కూడా కావచ్చు. ఫైల్‌లో ఉన్నది 7 మాత్రమే. కాబట్టి ఏ యాప్ అయినా, ఏ వెబ్‌సైట్ అయినా "గొంతు తీసేశాం" అన్నప్పుడు చేసింది ఒకటే: గొంతు వాటా ఎంతై ఉంటుందో ఊహించింది. ఆ ఊహ ఎంత బాగుంటే మిగిలిన సంగీతం అంత శుభ్రంగా వస్తుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతి కూడా ఆ ఊహను మనం చెవితో విని సరిదిద్దడమే.

పాత చిట్కా ఇంకా ఎందుకు తిరుగుతోంది

ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతి ఎడమలోంచి కుడిని తీసేయడం. చాలా పాటల్లో ప్రధాన గాయకుడి గొంతును సరిగ్గా మధ్యలో పెడతారు, అంటే రెండు ఛానెళ్లలో అది ఒకే స్థాయిలో ఉంటుంది. వాయిద్యాలను అటూ ఇటూ సర్దుతారు. ఎడమ = గొంతు + అ, కుడి = గొంతు + ఆ అనుకుంటే, ఎడమ మైనస్ కుడి చేసినప్పుడు గొంతు కొట్టుకుపోయి అ మైనస్ ఆ మిగుల్తుంది. ఇందులో ఊహ చాలా మొరటుది: "రెండు వైపులా సమానంగా ఉన్నదంతా గొంతే."

అది అబద్ధమని వినగానే తెలుస్తుంది. బాస్ గిటారు, కిక్ డ్రమ్, చాలాసార్లు స్నేర్ కూడా మధ్యలోనే ఉంటాయి. గొంతుతో పాటు అవీ పోతాయి, పాటకి కింద బరువు లేకుండా పోతుంది. పైగా గొంతుకి వేసిన ఎకో, రివర్బ్ స్టీరియోలో రెండు వైపులా వేర్వేరుగా పరుచుకుని ఉంటాయి కాబట్టి అవి పోవు. పక్క గదిలోంచి ఎవరో పాడుతున్నట్టు ఒక దయ్యపు గొంతు మిగిలిపోతుంది. మోనో రికార్డింగ్ అయితే రెండు ఛానెళ్లూ ఒకటే కాబట్టి వచ్చేది పూర్తి నిశ్శబ్దం.

ఈ చిట్కాలో ఇంకో ఉచ్చు ఉంది. వచ్చిన ఫలితం మోనో. దాన్ని స్టీరియోలా వినిపించడానికి కొందరు ఎడమ ఛానెల్లో "ఎడమ మైనస్ కుడి", కుడి ఛానెల్లో "కుడి మైనస్ ఎడమ" పెడతారు. హెడ్‌ఫోన్‌లో వింటే విశాలంగా, బ్రహ్మాండంగా ఉంటుంది. అదే వీడియోని ఒకే స్పీకరున్న ఫోన్‌లో పెడితే రెండు ఛానెళ్లూ కలిసి సున్నా అవుతాయి. వీడియో నడుస్తుంటుంది, శబ్దం ఉండదు. "నా ఫోన్‌లో సౌండ్ రావట్లేదు, నీ ఫోన్‌లో వస్తోంది" అనే ఫిర్యాదు వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

అడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో వోకల్ రిడక్షన్ అండ్ ఐసొలేషన్ అనే ఎఫెక్ట్ ఇదే ఆలోచనని ఇంకాస్త తెలివిగా వాడుతుంది. పైనా కిందా ఫ్రీక్వెన్సీ హద్దులు పెట్టుకోవచ్చు కాబట్టి బాస్ కొంత మిగుల్తుంది. కంప్యూటర్ మరీ పాతదై, పని తొందరగా అయితే చాలనుకుంటే సరే. అంతకుమించి దీనిమీద సమయం పెట్టడం దండగ అని నా అభిప్రాయం.

మోడల్ ఏం చేస్తుంది

2019లో డీజర్ అనే మ్యూజిక్ స్ట్రీమింగ్ కంపెనీ స్ప్లీటర్ అనే టూల్‌ని అందరికీ ఉచితంగా విడుదల చేసింది. అదే ఏడు ఫేస్‌బుక్ పరిశోధన విభాగం నుంచి డెముక్స్ వచ్చింది. గొంతు తీయడం స్టూడియో వాళ్ల పని అన్న కాలం అక్కడితో పోయింది. ఇవి న్యూరల్ నెట్‌వర్క్ మోడళ్లు. విడివిడి ట్రాకులు దొరికిన పాటలను తీసుకుని, కలిపిన పాటను మోడల్‌కి వినిపించి, "ఇందులో గొంతు ఏది?" అని ఊహించమని, తప్పిన ప్రతిసారీ సరిదిద్దుతూ నేర్పిస్తారు. ఈ రంగంలో అందరూ వాడే పాటల సంకలనం ఒకటుంది. అందులో ఉన్నవి 150 పాటలు, అంతా కలిపి పది గంటలు. వాటిలో 100 నేర్పడానికి, 50 పరీక్షించడానికి. ఎక్కువ భాగం పాశ్చాత్య పాప్, రాక్ పాటలే.

ఈ విషయం గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే తప్పులు చాలావరకు అర్థమవుతాయి. మోడల్ గొంతుని మనలా మాటలు పట్టుకుని గుర్తించదు. శబ్దం ఆకారాన్ని చూస్తుంది. పాటను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో ఒక పటంలా గీస్తే దాన్ని స్పెక్ట్రోగ్రామ్ అంటారు. అందులో గొంతు జారుతూ, వణుకుతూ పోయే సన్నని గీతల దొంతరలా కనిపిస్తుంది. డ్రమ్ దెబ్బ నిలువు గీతలా ఉంటుంది. స్ప్లీటర్ ఈ పటంలో ఒక్కో గడికి "ఇందులో గొంతు ఎంత వంతు" అని లెక్కవేసి విడదీస్తుంది. డెముక్స్ కొత్త రూపం ఈ పటాన్నీ, అసలు తరంగాన్నీ రెండింటినీ చూస్తుంది.

ఇక ఇబ్బంది ఎక్కడొస్తుందో ఊహించవచ్చు. ఫ్లూట్, వయొలిన్, సాక్సఫోన్, సన్నాయి, సారంగి ఇవన్నీ గొంతులాగే జారుతూ, గమకాలతో వణుకుతూ పోయే గీతలు. అలాంటి సోలో బిట్ వచ్చినప్పుడు మోడల్ దాన్ని గొంతనుకుని తీసేస్తుంది. అటువైపు, "స", "ష", "చ" అక్షరాల గాలి శబ్దం డ్రమ్స్‌లోని హై-హ్యాట్ శబ్దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మోడల్ వాటిని సంగీతంలో వదిలేస్తుంది. గొంతు పోయాక కూడా తాళంతో పాటు "స్... స్..." అని వినిపిస్తే కారణం ఇదే.

కోరస్ సంగతి మర్చిపోవద్దు. మోడల్‌కి గొంతంటే మనిషి గొంతే; ప్రధాన గాయని అయినా, వెనక "లాలలా" పాడే బృందం అయినా, హమ్మింగ్ అయినా ఒకటే. కోరస్ ఉంచి ప్రధాన గొంతు మాత్రమే తీయాలంటే దానికి వేరే మోడళ్లున్నాయి. అల్టిమేట్ వోకల్ రిమూవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేరులోనే Karaoke అని ఉండే మోడళ్లు అందుకే. ప్రధాన గొంతు మధ్యలో, కోరస్ పక్కలకి ఉన్న పాటల్లో అవి బాగానే పనిచేస్తాయి. ఇద్దరు కలిసి పాడిన యుగళగీతంలో మాత్రం ఎవరు ప్రధానమో తేల్చుకోలేక తడబడతాయి.

ఒక వీడియోతో మొదటి నుంచి చివరి దాకా

4 నిమిషాల 10 సెకన్ల వీడియో ఒకటి తీసుకుందాం. ఒకరే పాడారు. మొదట 18 సెకన్ల మ్యూజిక్, తర్వాత పల్లవి. 1:08 నుంచి 1:36 దాకా ఫ్లూట్ బిట్, తర్వాత చరణం. రెండో చరణంలో గొంతు వెనకాల కూడా ఫ్లూట్ కాసేపు వినిపిస్తుంది. మనకి కావాల్సింది బొమ్మ యథాతథంగా ఉండి, గొంతు లేని సంగీతంతో అదే వీడియో.

ఈ కమాండ్లు టెర్మినల్‌లో టైప్ చేయాల్సినవి. వీడియో, ఆడియో ఫైళ్లతో పనిచేసే ffmpeg అనే ఉచిత టూల్, దానితో పాటే వచ్చే ffprobe, పైన చెప్పిన డెముక్స్ కంప్యూటర్‌లో ఉండాలి. ముందు ఫైల్‌లో ఏముందో చూడాలి:

```
ffprobe -v error -show_entries stream=codec_type,start_time,sample_rate,channels -of compact video.mp4
```

ఇక్కడ చూడాల్సింది `start_time`. బొమ్మకీ ఆడియోకీ రెండింటికీ సున్నాకి దగ్గరగా ఉంటే మంచిది. ఆడియోకి 0.5 అని ఉంటే, బొమ్మ మొదలైన అర సెకను తర్వాత ఆడియో మొదలవుతుందని అర్థం. ఆడియోని వేరే ఫైల్‌గా తీస్తే ఆ అర సెకను ఖాళీ పోతుంది. చివర్లో తిరిగి కలిపేటప్పుడు మనమే చెప్పాలి, లేదంటే పెదాలకీ పాటకీ పొంతన ఉండదు. ఆ అంకె ఇప్పుడే రాసి పెట్టుకోండి.

తర్వాత ఆడియోని తీసి మోడల్‌కి ఇవ్వడం:

```
ffmpeg -i video.mp4 -vn -ac 2 -ar 44100 -af volume=-6dB -c:a pcm_s24le pata.wav
demucs -n htdemucs_ft --two-stems=vocals --int24 pata.wav
```

మొదటి వరుసలో 6 డెసిబెల్స్ తగ్గించడం వింతగా అనిపించవచ్చు. దానికో కారణం ఉంది. ఈ రోజుల్లో పాటల్ని పై అంచు తాకేదాకా గట్టిగా మాస్టర్ చేస్తారు. విడదీసిన భాగం ఆ అంచు దాటితే, శబ్దం పగలకుండా డెముక్స్ ఆ ఫైల్ మొత్తాన్ని కాస్త తగ్గించి రాస్తుంది. మామూలుగా వినేవాళ్లకి అది తెలియదు. మనం ఆ గొంతుని అసలు పాటలోంచి తీసివేయబోతున్నాం కాబట్టి రెండూ ఒకే కొలతలో ఉండాలి. ముందే తగ్గించి ఇస్తే అంచు తాకే ప్రశ్న రాదు. 44,100 అని పెట్టింది డెముక్స్ ఆ రేటులోనే పనిచేస్తుంది కనుక.

మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా పని అవుతుంది, ఆలస్యమవుతుంది అంతే. మామూలు `htdemucs` మోడల్ సాధారణ ప్రాసెసర్ మీద పాట నిడివికి ఒకటిన్నర రెట్లు తీసుకుంటుంది. `htdemucs_ft` దానికి నాలుగు రెట్లు. మన పాటకి పాతిక నిమిషాలు అలా. గ్రాఫిక్స్ కార్డు ఉన్నా అందులో మెమరీ చాలదని ఎర్రర్ వస్తే చివర `-d cpu` తగిలించి వదిలేయండి.

పని అయ్యాక `separated/htdemucs_ft/pata` ఫోల్డర్‌లో రెండు ఫైళ్లుంటాయి: `vocals.wav`, `no_vocals.wav`. చాలామంది రెండోది తీసుకుని వెళ్లిపోతారు. మీరు మొదటిది తెరవండి.

సంగీతం ఫైల్ వింటున్నప్పుడు ఏం పోయిందో చెవికి అందదు. లేనిదాన్ని వినలేం కదా. డ్రమ్స్, కీబోర్డు నిండా ఉంటే ఎక్కడో పోయిన ఫ్లూట్ ముక్క గమనించం. గొంతు ఫైల్‌లో మాత్రం ప్రతి తప్పూ బయటపడుతుంది. గొంతు తప్ప మరేదైనా అక్కడ వినిపించిందా, అది సంగీతంలోంచి దొంగిలించిందే. మన పాటలో హెడ్‌ఫోన్స్‌తో వింటే ఇలా ఉంటుంది. మొదటి 18 సెకన్లలో అక్కడక్కడ సన్నగా టిక్‌టిక్‌లు. 1:08 దగ్గర ఫ్లూట్ మొదలు కాగానే సగం ఫ్లూట్ గొంతు ఫైల్‌లోకి వచ్చేసింది, వస్తూ పోతూ ముక్కలుగా. చరణంలో గొంతు శుభ్రంగానే ఉంది, రెండో చరణంలో వెనక ఫ్లూట్ మళ్లీ దూరింది.

ఇప్పుడు అసలు పని. అడాసిటీలో `pata.wav`, `vocals.wav` రెండూ ఒకే ప్రాజెక్టులోకి తీసుకోండి, రెండూ సున్నా దగ్గరే మొదలవ్వాలి. గొంతు ట్రాక్‌లో ఎవరూ పాడని చోట్లన్నీ ఎంచుకుని నిశ్శబ్దం చేసేయండి. తర్వాత గొంతు ట్రాక్ మొత్తాన్ని ఎంచుకుని Invert ఎఫెక్ట్ వేయండి. అంటే ప్రతి అంకెకీ గుర్తు మారుతుంది. రెండు ట్రాకులూ కలిపి ప్లే చేస్తే, పాటలోంచి గొంతు తీసివేత జరిగిపోతుంది. పాడని చోట తీసివేస్తున్నది సున్నా. కాబట్టి అక్కడ మిగిలేది అసలు పాటే, ఫ్లూట్‌తో సహా, మోడల్ చెయ్యి తగలకుండా. మ్యూజిక్ బిట్లు, మొదలు, ముగింపు కలిపితే చాలా పాటల్లో మూడో వంతు దాకా ఉంటాయి. అంత భాగం చెక్కుచెదరకుండా ఉండిపోతుందన్నమాట.

నిశ్శబ్దం ఎక్కడ మొదలుపెట్టాలో కాస్త ఓపిగ్గా చూడాలి. పల్లవి చివరి మాట 1:08కే అయిపోయినా దాని ఎకో ఇంకో సెకనున్నర సాగుతుంది. అక్కడే కోసేస్తే ఆ ఎకో సంగీతంలో వేలాడుతుంది. అందుకని 1:10 దగ్గర మొదలుపెట్టి, దానికి ముందు అర సెకను గొంతుని మెల్లగా ఫేడ్ అవుట్ చేయండి. అటు చివర, చరణం మొదటి అక్షరానికి ముందు గాయకుడు ఊపిరి తీసుకుంటాడు. అది కూడా గొంతే. ఊపిరి 1:35.6 దగ్గర వినిపిస్తే 1:35.3కే నిశ్శబ్దం ఆపండి. ఈ ఊపిరి శబ్దాలు వదిలేస్తే, పాట లేని ట్రాక్‌లో ఎవరో ఉండుండి ఆయాసపడుతున్నట్టుంటుంది. నవ్వొస్తుంది కానీ ఒకసారి చెవిన పడితే ఇక అదే వినిపిస్తుంది.

గొంతు ట్రాక్ మీద చేయకూడనివి కూడా ఉన్నాయి. నాయిస్ రిడక్షన్, ఈక్వలైజర్, కంప్రెసర్ ఏవీ వేయొద్దు. తీసివేత సరిగ్గా జరగాలంటే గొంతు ట్రాక్‌లోని తరంగం, పాటలోని గొంతు తరంగం ఒకే క్షణంలో ఒకేలా ఉండాలి. మామూలు ఈక్వలైజర్ వేసినా తరంగాల దశ కొద్దిగా జరుగుతుంది. అప్పుడు తీసివేయాల్సిన గొంతు పూర్తిగా పోక, కొన్ని చోట్ల పైగా చేరుతుంది కూడా. నిశ్శబ్దం, ఫేడ్ ఈ రెండే సురక్షితం.

రెండో చరణంలో గొంతూ ఫ్లూటూ కలిసి ఉన్న చోట నిశ్శబ్దం చేయలేం. అక్కడ మరో మోడల్ ప్రయత్నించవచ్చు. మామూలు `htdemucs`తోనో, అల్టిమేట్ వోకల్ రిమూవర్‌లోని వేరే మోడల్‌తోనో అదే `pata.wav`ని విడదీసి, ఆ ఆరేడు సెకన్ల గొంతు ఎందులో శుభ్రంగా ఉందో విని, ఆ ముక్కని తెచ్చి అదే సమయం దగ్గర అతికించండి. రెండూ ఒకే పాట నుంచి వచ్చినవి కాబట్టి సరిపోతాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో అవుట్‌పుట్ నార్మలైజ్ చేసే ఆప్షన్ ఆపి ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. ఏ మోడల్‌తోనూ కుదరకపోతే అక్కడ ఫ్లూట్ కొంత పోతుందని ఒప్పుకోవడమే.

ఇంకో వెసులుబాటు ఉంది, దీన్ని వాడేవాళ్లు తక్కువ. గొంతు ట్రాక్ వాల్యూమ్‌ని ఒక డెసిబెల్ తగ్గించి తీసివేస్తే గొంతులో తొమ్మిదింట ఎనిమిది వంతులు పోయి, సుమారు తొమ్మిదో వంతు మిగుల్తుంది. ఆ మిగిలింది సహజమైన గొంతు. మోడల్ తప్పుల వల్ల పుట్టే గరగరని అది కప్పేస్తుంది. పైన ఎవరైనా పాడబోతున్నా, వ్యాఖ్యానం చెప్పబోతున్నా ఈ సన్నని గొంతు ఎవరికీ తెలియదు. ఒట్టి సంగీతమే నడవాల్సిన వీడియోకైతే ఇది పనికిరాదు.

ఎంత సరిదిద్దినా పోనివి

గొంతు పోయాక సంగీతం నీళ్లలోంచి వస్తున్నట్టు, బుడగలు పగులుతున్నట్టు వినిపిస్తే మోడల్‌నే తిట్టకండి. తప్పు సగం మూలం ఫైల్‌ది. వీడియోలోని ఆడియో దాదాపు ఎప్పుడూ కుదించినదే. కుదించే పద్ధతి చెవిని మోసం చేసి పనిచేస్తుంది: గట్టిగా గొంతు వినిపిస్తున్నప్పుడు దాని చాటున ఉన్న సన్నని శబ్దాలు ఎలాగూ వినబడవు కాబట్టి వాటిని అరకొరగా రాస్తుంది. గొంతు ఉన్నంతసేపూ అది నిజమే. గొంతు తీసేశాక ఆ చాటు పోయి, అరకొరగా రాసిన భాగం బయటపడుతుంది. అందుకే ఒకే పాటకి తక్కువ నాణ్యత ఉన్న వీడియో, సరైన వేవ్ ఫైల్ రెండూ మీ దగ్గరుంటే వేవ్ ఫైల్‌నే విడదీసి, దాని సంగీతాన్ని వీడియోలోని ఆడియోతో కలిపి చూసుకుంటూ జరిపి పెట్టడం మంచిది. శ్రమే, కానీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. దానికి ముందు రెండూ ఒకే రికార్డింగేనా, ఒకే వేగంలో ఉన్నాయా అన్నది మొదట్లోనూ చివర్లోనూ ఒక డ్రమ్ దెబ్బ పట్టుకుని సరిచూడాలి.

రెండోది మాస్టరింగ్ వల్ల వచ్చేది. శబ్దం పై అంచు దాటకుండా ఆపే లిమిటర్ గుండా పాటంతా పోయినప్పుడు, గొంతు గట్టిగా వచ్చిన ప్రతి చోటా మొత్తం స్థాయి తగ్గుతుంది, అంటే సంగీతమూ తగ్గుతుంది. గొంతుతో కలిపి వింటే తెలియదు. గొంతు పోయాక మాత్రం లేని గొంతుకి దారి ఇస్తున్నట్టు సంగీతం పాడే చోట్లలో కుంగి, మళ్లీ లేస్తూ ఉంటుంది. ఇది మోడల్ చేసిన తప్పు కాదు, ఫైల్‌లో ఉన్నదే అది. మరీ ఇబ్బందిగా ఉంటే ఆ చరణాల్లో సంగీతం వాల్యూమ్‌ని ఒకటి రెండు డెసిబెల్స్ చేత్తో పెంచుకోవడం తప్ప మరో మార్గం లేదు.

వీడియోలో పాటతో పాటు మాటలు, చప్పట్లు ఉంటే లెక్క మారుతుంది. మాట కూడా గొంతే కాబట్టి డైలాగులు పోతాయి. చప్పట్లు, అడుగుల చప్పుడు, వాన శబ్దం సంగీతంవైపే ఉండిపోతాయి. డైలాగులు ఉంచి పాట గొంతు మాత్రమే తీయాలంటే, పైన చేసినట్టే గొంతు ట్రాక్‌లో డైలాగ్ ఉన్న చోట్లను నిశ్శబ్దం చేస్తే చాలు, అవి పాటలోనే ఉండిపోతాయి. మాట, పాట ఒకదానిమీద ఒకటి పడిన చోట మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

అడగకపోయినా ఒక మాట. గొంతు తీసేసినంత మాత్రాన ఆ సంగీతం మనదైపోదు. రికార్డింగ్ మీద, బాణీ మీద హక్కులు ఎవరివో వాళ్లవే. ఇంట్లో పాడుకోవడానికి ఒక సంగతి, బయట పెట్టడం మరో సంగతి.

తిరిగి వీడియోలోకి

అడాసిటీలో రెండు ట్రాకుల కలయికని `sangeetham.wav`గా, 24 బిట్‌లో ఎక్స్‌పోర్ట్ చేశాక:

```
ffmpeg -i video.mp4 -i sangeetham.wav -map 0:v:0 -map 1:a:0 -c:v copy -af volume=6dB -c:a aac -b:a 256k out.mp4
```

`-c:v copy` అంటే బొమ్మని ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు తీసుకో అని. బొమ్మ నాణ్యత తగ్గదు, పని సెకన్లలో అవుతుంది. ఫోన్‌తో తీసిన వీడియోల్లో ఫ్రేముల వేగం ఒకేలా ఉండదు. అలాంటిదాన్ని ఎడిటర్‌లో వేసి మళ్లీ రెండర్ చేస్తే పాట చివరికి వచ్చేసరికి పెదాలు తప్పే ప్రమాదముంది. కాపీ చేస్తే ఆ టెన్షన్ లేదు. మొదట్లో తగ్గించిన 6 డెసిబెల్స్ ఇక్కడ తిరిగి పెంచుతున్నాం. గట్టి డ్రమ్ దెబ్బ దగ్గర శబ్దం పగిలినట్టుంటే 6 బదులు 5 పెట్టండి. రాసి పెట్టుకున్న ఆడియో `start_time` 0.5 అయితే, రెండో `-i`కి ముందు `-itsoffset 0.5` చేర్చండి.

తర్వాత మూడు చోట్ల చూడండి: మొదటి చరణం మొదట్లో, మధ్యలో ఒకచోట, ఆఖరి అర నిమిషంలో. గొంతు లేదు కాబట్టి పెదాలతో సరిచూడటం కష్టం. డ్రమ్ కొట్టే చేతులో, డాన్సులో పాదం నేలకి తగిలే క్షణమో చూసుకోవాలి. అన్ని చోట్లా ఒకే తేడా ఉంటే అది `start_time` సమస్య, `-itsoffset` అంకె మార్చితే పోతుంది. తేడా మొదట్లో లేకుండా చివరికి పెరుగుతూ పోతే మధ్యలో ఎక్కడో ఫైల్‌ని తప్పు శాంపిల్ రేటుతో తెరిచారని అర్థం. 44,100 ఫైల్‌ని 48,000 అనుకుని ఆడిస్తే పాట సుమారు 9 శాతం వేగంగా, సుమారు ఒకటిన్నర సెమిటోన్ పైన వినిపిస్తుంది. అలా అయితే అడాసిటీ ప్రాజెక్టుకి వెనక్కి వెళ్లి ఆ ట్రాక్ రేటు 44,100 చేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. చివరిగా ఒకే స్పీకరున్న ఫోన్‌లో ఒకసారి పెట్టి వినండి. హెడ్‌ఫోన్‌లో దాక్కున్న గొంతు అవశేషాలు మోనోలో కలిసినప్పుడు కొన్నిసార్లు పైకి తేలతాయి.